వెనిలా ఐస్‌క్రీమ్ డబ్బా మీద “నేచర్ ఐడెంటికల్” అంటే సహజమా, కృత్రిమమా?

పద్మజ: డబ్బా మీద “CONTAINS ADDED FLAVOUR (NATURE IDENTICAL FLAVOURING SUBSTANCES)” అని ఉంది. ఇది వెనిలా కాయదా, ఫ్యాక్టరీదా? పిల్లలకి పెట్టొచ్చా?

ల్యాబ్ కిరణ్: ఫ్యాక్టరీదేనండీ. కానీ వెనిలా వాసననిచ్చే ముఖ్యమైన అణువు వెనిలిన్. అందులో ఉన్నదీ, కాయలో ఉన్నదీ ఒకటే, C8H8O3. ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే గ్వాయకాల్‌తో చేస్తారు. నార్వేలో కలపలోని లిగ్నిన్ నుంచీ తీస్తారు. ఎలా చేసినా అణువులో తేడా ఉండదు. మన నిబంధనల ప్రకారం ప్రకృతిలో దొరికే అణువునే తయారుచేస్తే నేచర్ ఐడెంటికల్, ప్రకృతిలో కనిపించనిదైతే ఆర్టిఫిషియల్. ఇథైల్ వెనిలిన్ రెండో రకం. వెనిలిన్ కంటే దాదాపు మూడింతలు ఘాటు, అందుకే తక్కువ వేసినా సరిపోతుంది.

బేకరీ బాబ్జీ: అణువు ఒకటే అయితే రుచి కూడా ఒకటే అవ్వాలి కదన్నా? కాయ రసంతో చేసిన కస్టర్డ్, ఎసెన్స్ కస్టర్డ్ పక్కపక్కన పెట్టి తిను, తెలుస్తుంది.

ల్యాబ్ కిరణ్: తెలుస్తుంది, ఎందుకంటే కాయలో వెనిలిన్ ఒక్కటే లేదు. ఎండబెట్టి మగ్గించిన కాయలో అది సుమారు 2 శాతమే. దాని పక్కన పారా-హైడ్రాక్సీబెంజాల్డిహైడ్, వెనిలిక్ ఆమ్లం, ఇంకా చాలా చిన్నాచితకా పదార్థాలు ఉంటాయి. ల్యాబ్‌లో ముందు చూసేది ఆ పక్కవాళ్లనే. వెనిలిన్ నిండా ఉండి అవి అసలు కనిపించకపోతే కాయ రసం కాదని అర్థం. బిస్కెట్‌లో మాత్రం ఓవెన్ వేడికి సున్నితమైనవి చాలావరకు ఎగిరిపోతాయి, అక్కడ కాయ రసం పోయడం డబ్బు దండగ.

సుభాషిణి: నల్లటి చుక్కలు ఉంటే అసలు వెనిలానే. నేను అవి చూసే కొంటాను.

బేకరీ బాబ్జీ: అమ్మా, రసం పిండేసిన కాయల గింజలు విడిగా అమ్ముతారు. వాటికి వాసన ఉండదు, చూపుకి మాత్రమే.

రాజు, ఫ్రాంక్‌ఫర్ట్: ఇక్కడ ఐరోపా నిబంధనల్లో, 2008 నాటి 1334 నంబరు చట్టంతో, నేచర్ ఐడెంటికల్ అనే మాటే తీసేశారు. “సహజ వెనిలా ఫ్లేవరింగ్” అని రాస్తే అందులో కనీసం 95 శాతం వెనిలా నుంచే రావాలి. ఉత్త “సహజ ఫ్లేవరింగ్” అంటే వెనిలా నుంచే రావాలని లేదు. బియ్యపు తవుడు నుంచి తీసిన ఫెరూలిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులకి మేపి చేసిన వెనిలిన్ కూడా సహజమే.

బేకరీ బాబ్జీ: అదిగో! తవుడు వెనిలిన్ సహజమట, కలప వెనిలిన్ కాదట. రెండూ చెట్టూచేమా నుంచే కదా!

ల్యాబ్ కిరణ్: చూసేది మూలపదార్థం ఒక్కటే కాదు, తీసిన పద్ధతి కూడా. సూక్ష్మజీవులు, ఎంజైములు ఐరోపాలో చెల్లుతాయి. మన 2011 నిబంధనలు సహజం అంటే భౌతిక పద్ధతుల్లో మాత్రమే తీసింది అన్నాయి. అలా చూస్తే తవుడు వెనిలిన్ ఇక్కడ ఏ గడిలో పడుతుందో వాదించుకోవచ్చు.

పద్మజ: అణువు ఒకటే అయినప్పుడు మోసం చేస్తే ఎలా పడతారు?

ల్యాబ్ కిరణ్: కార్బన్ చూసి. వెనిలా తీగ కార్బన్ డయాక్సైడ్ పీల్చే తీరు వేరు, దానివల్ల కార్బన్‌లో కాస్త బరువైన రకం, కార్బన్-13, కొంచెం ఎక్కువ ఉంటుంది. గ్వాయకాల్ వెనిలిన్‌లో తక్కువ. ముదిరిన మోసగాళ్లు అణువులో ఒకచోట కార్బన్-13ని కావాలని చొప్పిస్తారు. మొత్తం లెక్క సరిపోతుంది గానీ, అణువులో ఏ స్థానంలో ఎంత ఉందో చూపించే ఎన్‌ఎంఆర్ పరీక్షలో దొరికిపోతారు.

సుభాషిణి: ఇన్ని లెక్కలెందుకండీ, సహజమైతే ఒంటికి మంచిది, కాకపోతే చెడు. అంతే.

ల్యాబ్ కిరణ్: కాదండీ. టోంకా గింజ పూర్తిగా సహజం, వెనిలాకి దగ్గరి వాసన. అందులో కౌమరిన్ ఉంటుందని ఆహారంలో ఫ్లేవర్‌గా మన నిబంధనలే నిషేధించాయి. “సహజం” అన్న మాట చెప్పేది ఎక్కడి నుంచి, ఎలా వచ్చిందో. మంచీచెడూ కాదు.

బేకరీ బాబ్జీ: నా మంట అక్కడేనన్నా. “సహజం” రాయకపోతే కస్టమర్ ముఖం తిప్పేస్తాడు, కాయ రసం ధర చెప్తే ఎసెన్స్ కేకు ధరకే ఇమ్మంటాడు. మొన్న ఒక సరఫరాదారు సీసా మీద “వెనిలా” అని పెద్దక్షరాల్లో వేసి, వెనకాల చిన్నగా ఇథైల్ వెనిలిన్ అని రాశాడు. చదవకుండా కొన్నవాడిదా తప్పు?

ల్యాబ్ కిరణ్: ఆర్టిఫిషియల్‌కి పేరు రాయాలి, మిగతా రెండిటికీ రకం రాస్తే చాలు. అతను రాశాడుగా.

బేకరీ బాబ్జీ: రాశాడు. కనపడకుండా రాశాడు. నువ్వు చట్టం చూస్తున్నావు, నేను సీసా ముందువైపు చూస్తున్నాను.

పద్మజ: అంటే నా డబ్బాలో కాయ వెనిలా లేనట్టే. పిల్లలకి పెడతాను, కానీ కాయ వెనిలా ధర మాత్రం ఇవ్వను.

రాజు, ఫ్రాంక్‌ఫర్ట్: పదార్థాల జాబితా కూడా చూడండి పద్మజగారూ, అందులో వెనిలా ఎక్స్‌ట్రాక్ట్ అని విడిగా ఉందా?

పద్మజ: లేదండీ. పైన మాత్రం వెనిలా పువ్వు బొమ్మ ఉంది.