ఎల్ఈడీ వర్క్‌షాప్: ముందు బ్యాటరీయా, ముందు బోర్డా?

రాయగడ మాస్టారు: మా బడిలో 8, 9 తరగతుల పిల్లలు 16 మందికి వచ్చే శని, ఆదివారాల్లో రోజుకు మూడు గంటలు ఆర్డునో, అంటే ప్రోగ్రాము ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, నేర్పాలనుకుంటున్నాను. అందులో ఊనో రకం బోర్డులు ఎనిమిది, ల్యాప్‌టాప్‌లు నాలుగు ఉన్నాయి. లక్ష్యం ఎల్ఈడీ వెలిగి ఆరడం, అంతే. ముందు బ్యాటరీతో మొదలుపెట్టాలా, నేరుగా బోర్డు చేతికివ్వాలా?

ప్రాణహిత: నేరుగా బోర్డే. గంటలోపు దీపం మిణకాలి. నిరుడు మా సిరొంచలో నేను బ్యాటరీ, వోల్టేజి అంటూ మొదటి రోజంతా గడిపేశాను. శనివారం 18 మంది వచ్చారు, ఆదివారం ఏడుగురే మిగిలారు. ఊనో మీదే 13వ పిన్నుకు కలిపిన చిన్న ఎల్ఈడీ ఉంది, ఒక్క తీగా అక్కర్లేదు. ఇది ఎక్కిస్తే చాలు:

```
void setup() {
  pinMode(13, OUTPUT);
}
void loop() {
  digitalWrite(13, HIGH);
  delay(1000);
  digitalWrite(13, LOW);
  delay(1000);
}
```

టంకం పొగ: ఆ గంటలో ఒక మోసం దాగి ఉంది. చాలా బోర్డుల్లో ఈ ప్రోగ్రామునే ముందుగా ఎక్కించి అమ్ముతారు. కేబుల్ గుచ్చగానే మిణుకుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, వాళ్ల ప్రోగ్రాము మాత్రం ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. కనీసం రెండు చోట్లా 1000 తీసి 200 రాయించండి. వేగం మారితేనే ఎక్కినట్టు.

నేనైతే బ్యాటరీతోనే మొదలుపెడతాను. రెండు పెన్సిల్ సెల్స్, ఒక ఎర్ర ఎల్ఈడీ, 220 ఓముల రెసిస్టర్ చేతికిచ్చి వెలిగించమంటాను. సగం మంది ఎల్ఈడీని తిరగేసి పెడతారు, వెలగదు. పొడవు కాలు ప్లస్ వైపు ఉండాలని అప్పుడు చెబితే మళ్లీ మరిచిపోరు.

వంశధార: రెసిస్టర్ ఎందుకండీ? నాణెం బ్యాటరీ, అదే CR2032, దాని రెండు వైపులా ఎల్ఈడీ కాళ్లు నొక్కిపెడితే చక్కగా వెలుగుతుంది. గుణుపురంలో వినాయక చవితికి ముప్పై చేశాను, ఒక్కటీ కాలిపోలేదు.

టంకం పొగ: కాలిపోదు, నిజమే. ఆ బ్యాటరీ లోపలి నిరోధమే ఎక్కువ కరెంటు రాకుండా అడ్డుపడుతుంది. అదే ధైర్యంతో పిల్లవాడు తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఎల్ఈడీ ఒక్క మెరుపు మెరిసి చస్తుంది. బోర్డు సంగతి చూడండి. పిన్ను ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే సుమారు 14 మిల్లీ ఆంపియర్లు. పిన్నుకు 20 దాకా హాయి, 40 దాటితే దెబ్బతింటుంది. రెసిస్టర్ లేకుండా పెడితే ఒక్కోసారి బతుకుతుంది కూడా. అందుకే అది చెడ్డ పాఠం.

వంశధార: ముప్పైలో ఒక్కటీ కాలిపోలేదనే నేను చెప్పింది.

బరంపురం అమ్మ: మా ఇంట్లో దసరాకు కట్టే సీరియల్ బల్బులు వాటంతట అవే మిణుకుతాయి. దానికి ప్రోగ్రామెందుకు? పైగా ఆ నాణెం బ్యాటరీలు ఇంటికి పంపకండి. మా చిన్నది అలాంటిదే నోట్లో పెట్టుకుంటే రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం.

ప్రాణహిత: అమ్మా, సీరియల్ సెట్టులో మీకు నచ్చిన లయ పెట్టలేరు. అదే తేడా.

టంకం పొగ గారూ, లెక్కలు బాగున్నాయి. కానీ మీరు చెప్పేది ఫిజిక్స్ క్లాసు. పిల్లలు వచ్చింది కంప్యూటర్ కోసం. బ్యాటరీకి దీపం తగిలించడం వాళ్లకు ఆరో తరగతిలోనే అయిపోయింది.

టంకం పొగ: పుస్తకంలో అయిపోయింది, చేతుల్లో కాలేదు. బ్యాటరీ దగ్గర ఆగిపొమ్మని నేను అనలేదు. ముప్పావు గంట చాలు. తర్వాత బ్యాటరీ తీసేసి, అదే ఎల్ఈడీ, అదే రెసిస్టర్‌ను బోర్డు మీది 5V రంధ్రానికి, మైనస్ వైపు అయిన GND రంధ్రానికి కలిపించండి. వెలుగుతుంది, ఆరదు. అంటే బోర్డు ప్రస్తుతానికి ఒట్టి బ్యాటరీ. ఇప్పుడు 5Vలోని తీగ పీకి 13లో గుచ్చమనండి. దీపం మిణకడం మొదలుపెడుతుంది. ఇందుకోసం శుక్రవారం రాత్రే అన్ని బోర్డుల్లో మిణికే ప్రోగ్రాము ఎక్కించి ఉంచాలి. మీటను ఎవరు నొక్కుతున్నారని అడగండి. ప్రోగ్రామంటే ఏమిటో మీరు చెప్పనక్కర్లేదు, తీగ మార్చిన వేలికే తెలిసిపోతుంది.

13నే వాడడంలో ఇంకో లాభం ఉంది. బోర్డు మీది చిన్న దీపం సాక్షి. అది మిణుకుతూ బయటిది వెలగకపోతే తప్పు తీగల్లోనే. ఎక్కువగా జరిగేది, టంకం లేకుండా తీగలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డులో ఎల్ఈడీ రెండు కాళ్లనూ ఒకే అయిదు రంధ్రాల వరసలో పెట్టడం. ఆ వరస లోపల ఒకే లోహపు పట్టీ, కరెంటు ఎల్ఈడీని పక్కన పెట్టి దాని గుండా పోతుంది.

రాయగడ మాస్టారు: శుక్రవారం ఎక్కించడానికి ఈరోజు ప్రయత్నించాను. రెండు ల్యాప్‌టాప్‌లలో ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో బోర్డును ఎంచుకునే Port దగ్గర ఏమీ కనిపించడం లేదు. బోర్డు మీద పవర్ దీపం వెలుగుతోంది.

టంకం పొగ: ముందు కేబుల్ మార్చండి. ఫోను ఛార్జింగుకే పనికొచ్చే కేబుళ్లుంటాయి, పవర్ ఇస్తాయి, డేటా పోదు. మంచి కేబుల్‌తోనూ రాకపోతే బోర్డు మీది యూఎస్‌బీ చిప్పు చూడండి. నకలు బోర్డుల్లో చాలావాటికి CH340 ఉంటుంది, దాని డ్రైవర్ విడిగా వేయాలి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకెళ్లండి, బడిలో నెట్‌ను నమ్మకండి.

ప్రాణహిత: చూశారా, అసలు చిక్కులన్నీ ల్యాప్‌టాప్‌లోనే. ఆ సమయాన్ని మీరు బ్యాటరీకి తినిపిస్తున్నారు! రెండో delay తీసేస్తే ఏమవుతుందో పిల్లలతో ఊహింపజేయండి. ఆరే క్షణం కంటికి అందనంత చిన్నదై, దీపం ఆగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. ఆ ఒక్క ప్రయోగం మీ ముప్పావు గంట కంటే విలువైనది.

టంకం పొగ: విలువైనదే. ఎవరు చేస్తారు? నాలుగు ల్యాప్‌టాప్‌లు, 16 మంది. ఒక్కో దాని ముందు నలుగురు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లవాడే కీబోర్డు అందుకుంటాడు. నా చిన్నప్పుడు బడిలో ఒక్కటే కంప్యూటర్ ఉండేది. మూడేళ్లు దాని వెనక నిలబడ్డాను, ఒక్క మీట నొక్కలేదు. మీ సిరొంచలో ఆదివారం వచ్చిన ఏడుగురు ఎవరు?

ప్రాణహిత: మా ఇద్దరు పిల్లలు ఉన్నారందులో. మిగిలినవాళ్లలో నలుగురి ఇళ్లలో కంప్యూటర్ ఉంది. ఇంతవరకు అలా లెక్కపెట్టలేదు.

అయినా ఒకటి అడుగుతాను. ల్యాప్‌టాప్‌లు చాలవని చెప్పాల్సింది పోయి, బ్యాటరీతో మొదలుపెట్టడమే మంచి పద్ధతని ఎందుకంటున్నారు? ఇంకో నాలుగు అప్పు తెచ్చుకోమని చెప్పండి.

టంకం పొగ: తెస్తే తెమ్మనండి. ఎనిమిదైనా ఇద్దరికొకటే. అప్పుడు ఒకరు టైప్ చేసిన ప్రతిసారీ రెండోవారు తీగ కలపాలి, తర్వాత మారాలి. అప్పటికీ నేను బ్యాటరీతోనే మొదలుపెడతాను.

ప్రాణహిత: నేను పెట్టను.

రాయగడ మాస్టారు: కేబులే కారణం, Port వచ్చింది. శనివారం అరగంట మాత్రం సెల్స్‌తో చేయించి, 5V నుంచి 13కు తీగ మార్చే పని ప్రతి పిల్లవాడి చేతా విడివిడిగా చేయిస్తాను. ప్రోగ్రాము ఆదివారం. ఒడియాలో చెప్పాలా, తెలుగులోనా అన్నది ఇంకా తేలలేదు. తొమ్మిదో తరగతి వాళ్లకు రెండూ వస్తాయి.

వంశధార: రెసిస్టర్ లేకుండా వెలుగుతుందన్నది మాత్రం ఎవరూ కాదనలేదు.