లక్ష్మణుడు ఆజ్ఞ మీరడం తప్పా? క్లాసులో ఎలా చర్చించాలి?

డిగ్రీ పిల్లలతో నీతిశాస్త్రం క్లాసులో ఉత్తరకాండలోని దుర్వాసుడి ఘట్టం చర్చిస్తున్నాం, ఒకచోట ఆగిపోయాం, కాస్త సాయం చేయండి. కాలుడితో ఏకాంతంలో ఉండగా ఎవరు లోపలికొచ్చినా మరణదండనే అని రాముడి మాట, కాపలా లక్ష్మణుడిది. అంతలో దుర్వాసుడొచ్చి, ఇప్పుడే రాముణ్ణి చూపించకపోతే మీ అన్నదమ్ముల్నీ రాజ్యాన్నీ శపిస్తానంటాడు (తీరా ఆయనకు కావలసింది భోజనం!). అందరూ నాశనమయ్యే కంటే నేనొక్కణ్ణి పోతే నయమని లక్ష్మణుడు లోపలికెళ్తాడు.

పిల్లలు దీన్ని వెంటనే లాభనష్టాల లెక్క అనేస్తున్నారు. నాకలా అనిపించట్లేదు, ఎందుకంటే శిక్ష తప్పించుకునే ఆలోచనే అతనికి లేదు, పైగా నన్ను చంపి మాట నిలబెట్టుకో అని తనే అన్నకు చెప్తాడు. అంటే నియమం మీరినట్టా, పాటించినట్టా? ఇంకోటి, లక్ష్మణుణ్ణి త్యజించమని వసిష్ఠుడు చెప్పగా, సజ్జనులను త్యజించినా వధించినా ఒకటేనంటూ రాముడు తమ్ముణ్ణి వదిలేస్తాడు కదా, అది మాట నిలబెట్టుకోవడమా, సందు వెతుక్కోవడమా? మీరైతే ఈ రెండో ప్రశ్నను ఎటునుంచి మొదలుపెడతారు?