కందిపప్పు గంజులో వండాలా, కుక్కర్‌లోనా? గ్యాస్ ఎందులో మిగులుతుంది?

స్వప్న, హన్మకొండ: రోజూ పొద్దున ఒక గ్లాసు కందిపప్పు వండుతాం. గంజులో ఉడికితేనే రుచి అంటుంది అత్తమ్మ. టమాటా, చింతపండు మొదట్లోనే వేసేస్తుంది. బోరు నీళ్లు. గంట సేపు పొయ్యి మండినా పలుకు మిగులుతోంది, సిలిండర్ చూస్తే టెన్షన్. కుక్కర్‌కు మారితే నిజంగా తేడా ఉంటుందా?

రమేశ్: చాలా ఉంటుంది. పెద్ద మంట మీద ఆరు విజిల్స్ రానివ్వండి, పప్పు వెన్నలా అయిపోతుంది.

అనిత: మా కుక్కర్‌లో మూత పక్కల నుంచే ఆవిరి పోతోంది, విజిలే రాదు. ఏ కంపెనీది కొనాలి?

విజయమ్మ, కాజీపేట: అనితా, ముందు రబ్బరు మార్చి చూడమ్మా, కొత్తది తర్వాత కొనొచ్చు.

స్వప్నా, మీ పప్పు ఉడకకపోవడానికి గంజు ఒక్కటే కారణం కాదు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే పప్పు మెత్తబడదు. దానికి పులుపు తోడైతే ఇంకా బిగుసుకుంటుంది. పప్పు వరకు ఫిల్టర్ నీళ్లు పోయండి. వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలకుండా చితికాకే టమాటా, చింతపండు వేయండి.

రమేశ్ గారు చెప్పినట్టు పప్పు మెత్తబడుతుంది గానీ, విజిల్ వచ్చిన ప్రతిసారీ గ్యాస్ పెట్టి కాచిన ఆవిరే బయటికి పోతుంది. అరగంట నానిన గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు, నాలుగు చుక్కల నూనె చాలు. పప్పు, నీళ్లు కలిపి కుక్కర్ సగం దాటకూడదు, లేకపోతే నురుగు విజిల్ రంధ్రంలోకి ఎక్కుతుంది. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, ఎనిమిది నిమిషాలకు ఆపేయండి. ఆవిరి దానంతట అదే దిగేదాకా మూత తీయొద్దు, ఆ వేడికి ఇంకా మగ్గుతుంది. మొత్తం మీద పొయ్యి మండేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. అదే పప్పు గంజులో మూత పెట్టి వండితే నలభై నిమిషాలైనా పడుతుంది.

రమేశ్: గంజులో అయితే పెద్ద మంట పెడితే తొందరగా ఉడకదా?

విజయమ్మ: మరగడం మొదలయ్యాక మంట పెంచినా నీళ్ల వేడి పెరగదు, నీళ్లు ఇగిరిపోతాయంతే. సిమ్‌లో పెట్టినా అంతే సేపు పడుతుంది. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి నూరు డిగ్రీలు దాటి నూట ఇరవై దాకా పోతుంది, తేడా అక్కడే.

స్వప్న: మరి అత్తమ్మ చెప్పే రుచి?

విజయమ్మ: పెసరపప్పుకైతే ఆమె మాటే కరెక్టు. గంజులో ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, గింజ విడిగా నిలుస్తుంది. కుక్కర్‌లో పెడితే ముద్దవుతుంది. పప్పుచారుకు ఎలాగూ గుత్తితో మెదుపుతాం కాబట్టి కుక్కరే మేలు.

రమేశ్: నాకైతే పప్పుచారు కూడా గంజులోదే వాసన బాగుంటుంది.

స్వప్న: రేపు ఫిల్టర్ నీళ్లతో గంజులోనే పెట్టి చూస్తా. చింతపండు చివర్లో వేద్దామంటే అత్తమ్మ ఒప్పుకుంటుందో లేదో.