ప్రాజెక్టు రిపోర్టులో 78 శాతం దిగడం లేదు. కంపెనీలో తప్పు కానిది కాలేజీలో ఎందుకు తప్పు?

కావలి కుర్రోడు: అన్నా, రాత్రి పదికి కూర్చున్నా, ఇప్పుడు మూడైంది. ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టు 78 చూపించిందని గైడ్ మేడం వెనక్కి పంపింది. తిరగరాసే టూల్‌లో వేస్తే 64 అయింది, ఇంకోసారి వేస్తే 71కి ఎక్కింది. ఎల్లుండే సబ్మిషన్. పగలు నెల్లూరు ఆఫీసులో చేసేదీ ఇదే పని, ఒక రొయ్యల మేత కంపెనీకి మిషన్ రాతను తిప్పి రాయడం. అక్కడ మేనేజరే "మిషన్ వాసన రాకూడదు, తిప్పి రాయి" అంటాడు. అక్కడ జీతం, ఇక్కడ డిబార్! 20 లోపు దింపే దారి చెప్పండి.

ఒంగోలు గిత్త: ఏ 78? కాపీ శాతమా, ఏఐ శాతమా? ఏ సైటు?

కందుకూరు మాస్టారు (రిటైర్డ్): నాయనా, అసలు రోగం అది కాదు. రొయ్యల రైతును తెలుగులో అడిగి ఇంగ్లీషులో రిపోర్టు రాయమంటే పిల్లలు యంత్రాల వెంట పడక ఏం చేస్తారు? మా రోజుల్లో బజారు నోట్సు ఎత్తి రాసేవాళ్లు, కనీసం చేతిరాత అయినా బాగుపడేది.

అద్దంకి అన్న: యూజీసీ రూలు ఉంది తమ్ముడూ. 10 శాతం లోపుంటే ఎవరూ ఏమీ అనరు. నీది 78 అంటే పెద్ద శిక్షే.

పెన్నా గట్టు: అద్దంకి అన్నా, ఆ 10 శాతం 2018 నాటి నిబంధన. వేరేవాళ్ల రాతతో ఎంత కలిసిందో చెప్పే లెక్క అది. ఏఐ శాతానికి దాన్ని అంటించకూడదు.

తమ్ముడూ, మేడం 78 ఒక సాఫ్ట్‌వేర్‌ది, నీ 64, 71 వేరే సైటువి అయితే వాటిని పోల్చడమే దండగ. పైగా ఆ అంకె సాక్ష్యం కాదు, అంచనా. ఓపెన్‌ఏఐ వాళ్లే 2023 జనవరిలో ఒక గుర్తింపు టూల్ తెచ్చారు. అది మిషన్ రాతలో 26 శాతమే పట్టింది, మనుషులు రాసిందాంట్లో 9 శాతాన్ని మిషన్‌దే అంది. జులైకల్లా మూసేశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల వ్యాసాల మీదయితే ఇలాంటి టూల్స్ ఇంకా ఘోరంగా తప్పాయని అదే ఏడాది ఒక పరిశోధనలో తేలింది. అందుకే అంకెను పక్కనబెట్టి చెప్పు: ఏది నువ్వు రాశావు, ఏది రాయించావు?

కావలి కుర్రోడు: సర్వే నాదేనన్నా. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు తిరిగి 60 మంది రైతులను అడిగా, ఫారాలు ఇంట్లో ఉన్నాయి. రెండో అధ్యాయం మాత్రం మొత్తం టూలే. 78 ఏఐ శాతమే. సైట్ల సంగతి నిజమే, వేర్వేరువి.

ఒంగోలు గిత్త: ఇది ముందే చెప్పుంటే మూడు గంటలు మిగిలేవి.

పెన్నా గట్టు: టూల్ తిప్పిన పేజీ ఒకటి పెట్టు.

కావలి కుర్రోడు: "ఫీడ్ కన్వర్షన్ రేషియో" ఉన్నచోట "నరిష్‌మెంట్ ఛేంజ్ ప్రపోర్షన్" అయింది. "వైట్ స్పాట్" రోగం "పేల్ మార్క్" అయింది. ఇప్పుడే చూశా.

పెన్నా గట్టు: యెబ్బే! వైవాలో మేడం "పేల్ మార్క్ అంటే ఏంది" అంటే ఏం చెప్తావు? ఏ డిటెక్టరూ అక్కర్లేదు, ఆ మాటే పట్టిస్తుంది. కంపెనీ కరపత్రంలో పడినా అంతే, గుంట దగ్గరి రైతుకు వైట్ స్పాటే తెలుసు.

ఇక నీ ప్రశ్న. కంపెనీ నీ దగ్గర కొనేది రాత. రైతుకు అర్థమై, చెప్పింది నిజమైతే ఎవరు రాశారన్నది అతనికి పట్టదు. కాలేజీకి ఆ కాగితాలతో పని లేదు, నీకు చదివి రాయడం వచ్చిందా అన్నదే దానికి కావాలి. అది దాచడానికి తిప్పి రాస్తే, అడిగిన ఒక్కదాని మీదే అబద్ధం చెప్పినట్టు.

నెల్లూరు పచ్చళ్లు: నాకూ ఇదే కష్టం. రొయ్యల పచ్చడికి టూల్‌తో పది రివ్యూలు రాయించా. అన్నీ ఒకేలా ఉన్నాయి, వేర్వేరు మనుషుల్లా ఎలా తిప్పాలి?

పెన్నా గట్టు: అక్కా, అది మార్కెటింగ్‌లో కూడా మోసమే. తినని మనిషి తిన్నట్టు రాయడం అది, మిషన్ రాసినా మీరు రాసినా ఒకటే.

అద్దంకి అన్న: అంటే కంపెనీ పని అంతా ఒప్పేనా?

కావలి కుర్రోడు: ఒక మాట చెప్పలేదు. మేత కంపెనీతో మా ఆఫీసు అగ్రిమెంటులో "పూర్తిగా మనుషులు రాసింది" అని ఉంది.

ఒంగోలు గిత్త: సరిపోయింది.

పెన్నా గట్టు: అయితే మేనేజర్ చెప్పించేది కూడా అబద్ధమే, మేత కంపెనీ ఆ మాటకే డబ్బు కడుతోంది. అది నీ ఒక్కడి చేతిలో లేదు, కానీ నీకు తెలిసుండాలి.

రెండో అధ్యాయం తీసేయ్. నిజంగా చదివిన నాలుగైదు పేపర్లే పెట్టుకుని, వాటికీ నీ 60 మంది చెప్పినదానికీ ఎక్కడ తేడా వచ్చిందో రాయి. ఇంగ్లీషు తప్పులుంటే ఉండనీ. ఫారాలు, పాత డ్రాఫ్టులు తీసుకెళ్లి మేడంకు ఉన్నది ఉన్నట్టు చెప్పు.

కందుకూరు మాస్టారు (రిటైర్డ్): అనుబంధంలో రైతుల మాటలు తెలుగులోనే పెట్టమనండి.

అద్దంకి అన్న: మాస్టారూ, యూనివర్సిటీ ఒప్పుకోదు.

కందుకూరు మాస్టారు (రిటైర్డ్): ఎక్కడుంది ఆ రూలు? చూపించు.

కావలి కుర్రోడు: మేడంకు మెసేజ్ పెట్టా, ఇంకా చూడలేదు. మూడు పేపర్లే దొరికాయి. థాంక్స్ అన్నా.