అమ్మానాన్నల ఫ్లైట్ దాదాపు ఏడు గంటలు ప్రీపోన్ చేశారు. ‘Accept’ నొక్కాలా, ఆగాలా?

తెనాలి_అమ్మాయి
అందరికీ నమస్తే. అమ్మానాన్నలు జనవరి 5న విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా నెవార్క్ రావాలి. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్, ఆన్‌లైన్ ఏజెంట్ దగ్గర కొన్నాను. గన్నవరంలో సాయంత్రం 5:40కి బయలుదేరి 8:15కి ఢిల్లీ, అక్కడ రాత్రి 2:05కి అమెరికా ఫ్లైట్. నిన్న మెయిల్ వచ్చింది. గన్నవరం ఫ్లైట్ పొద్దున 10:50కి మార్చారట. అంటే 1:25కే ఢిల్లీలో దిగుతారు, అక్కడ 12 గంటల 40 నిమిషాలు కూర్చోవాలి. నాన్నకి షుగర్, అమ్మకి మోకాళ్ళ నొప్పి, వీల్‌చైర్ పెట్టాం. మెయిల్ కింద Accept అని బటన్ ఉంది. నొక్కకపోతే టికెట్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే డేట్ మార్చుకోవచ్చు కానీ ఫేర్ డిఫరెన్స్ కట్టాలన్నాడు. ఎయిర్‌లైన్‌కి చేస్తే ఏజెంట్‌నే అడగమన్నారు. ఏం చేయాలి?

డాలస్_రాయుడు
అస్సలు నొక్కకండి! అమెరికా రూల్ ఉంది, మూడు గంటలు దాటి మారిస్తే మొత్తం డబ్బు వాపసు ఇవ్వాలి. నేను పోయినసారి షికాగో ఫ్లైట్‌కి అలాగే తీసుకున్నాను, కార్డులోకే వచ్చింది.

కువైట్_కరీంనగర్
రీఫండ్ అని ఆశపడకండి అక్కా. మా తమ్ముడికి కువైట్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్ నాలుగు గంటలు వెనక్కి జరిపారు. డబ్బులు అడిగితే వాలెట్‌లో వేసిండ్రు, ఏడాదిలోపు వాడుకోవాలంట. వాడు మళ్ళా రెండేళ్ళకు గానీ రాడు. ఇది కంపెనీల దోపిడీ, ఎవరూ అడగరు.

టికెటింగ్_వైజాగ్
ఇరవై ఏళ్ళుగా టికెటింగ్ కౌంటర్‌లోనే ఉన్నాను కాబట్టి ఒక్కొక్కటీ చెబుతాను. రాయుడు గారూ, మూడు గంటలు అనేది అమెరికా లోపలి ప్రయాణాలకి. మీ షికాగో ఫ్లైట్ అందులోకి వచ్చింది. ఇండియా నుంచి అమెరికా వెళ్ళే అంతర్జాతీయ టికెట్‌కి ఆరు గంటలు. బయలుదేరే టైమ్ ఆరు గంటలో అంతకంటే ఎక్కువో ముందుకి తెచ్చినా, చేరే టైమ్ ఆరు గంటలో అంతకంటే ఎక్కువో వెనక్కి పోయినా, మార్పు ఒప్పుకోకుండా టికెట్ వదులుకుంటే పూర్తి డబ్బు. 2024 అక్టోబర్ నుంచి ఇది అమల్లో ఉంది. ఒకే టికెట్ కాబట్టి బయలుదేరే చోటు గన్నవరమే. 5:40 నుంచి 10:50కి అంటే 6 గంటల 50 నిమిషాలు ముందుకి వచ్చింది, కాబట్టి అమ్మాయి గారికి ఆ హక్కు ఉంది.

కానీ ఆమె అడిగింది రీఫండ్ కాదు. జనవరి టికెట్లు ఇప్పుడు కొత్తగా కొంటే ఎంతో చూడండి. డబ్బు వాపసు వస్తే మళ్ళీ ఆ ధరకే కొనాలి. ఆమెకి కావాల్సింది అదే టికెట్ మీద వేరే ఫ్లైట్.

డాలస్_రాయుడు
హక్కు ఉందని మీరే అంటున్నారుగా. అంటే నేను చెప్పింది కరెక్టే. Accept నొక్కకూడదు.

సాఫ్ట్‌వేర్_సీను
నొక్కితే ఏమీ కాదు బ్రో. నేను బెంగళూరు ట్రిప్‌కి Accept నొక్కాను, తర్వాత ఫోన్ చేసి ఫ్రీగా మార్పించుకున్నాను. అది మెయిల్ చూశామని చెప్పడానికే. ఊరికే జనాల్ని భయపెట్టకండి.

టికెటింగ్_వైజాగ్
సీను గారూ, ఆ రోజు మీకు ఫోన్ ఎత్తినవాళ్ళు మంచివాళ్ళు, మార్చారు. అది వాళ్ళ దయ, మీ హక్కు కాదు. కొత్త టైమ్ ఒప్పుకున్నాక ఈ రూల్ కింద రీఫండ్ అడగలేరు. చాలా ఎయిర్‌లైన్స్ ఉచిత మార్పు కూడా ఒక్కసారే ఇస్తాయి, Accept నొక్కితే అది వాడుకున్నట్టే లెక్క వేస్తాయి.

సాఫ్ట్‌వేర్_సీను
చాలా ఎయిర్‌లైన్స్ అంటే ఏవి? పేర్లు చెప్పండి. ఇరవై ఏళ్ళ అనుభవం అంటారు, ఒక్క ఆధారం చూపించరు.

టికెటింగ్_వైజాగ్
మీ ఎయిర్‌లైన్ సైట్‌లో షెడ్యూల్ చేంజ్ పాలసీ పేజీ తెరిచి చదవండి. నేను పేర్లు చెప్పి ఇక్కడ ఎవరితోనూ గొడవ పెట్టుకోను. పెద్దవాళ్ళ ప్రయాణం ఇది, మీ బెంగళూరు వీకెండ్ ట్రిప్ కాదు.

సాఫ్ట్‌వేర్_సీను
అంత కోపం ఎందుకండీ? నా అనుభవం నేను చెప్పాను. ఒకటి మాత్రం నిజం, బటన్ నొక్కకుండా నిద్రపోతే కూడా ప్రమాదమే. మా బావమరిది ఏమీ చేయకుండా ఉంటే సీటు క్యాన్సిల్ చేశారు.

టికెటింగ్_వైజాగ్
ఈ మాట సరైనదే. మెయిల్‌లో ఫలానా తేదీలోపు చెప్పమని గడువు ఉందేమో చూడండి. గడువు దాటితే మీరు మార్పు వద్దన్నట్టు తీసుకుని సీటు వదిలేయవచ్చు. కాబట్టి Accept నొక్కకండి, ఊరుకోకండి కూడా. ఆ గడువులోపే ఫోన్ చేసి కావాల్సింది అడగండి.

లెస్టర్_లక్ష్మి
మాకు ఇక్కడ యూకే రూల్ వేరేగా ఉంటుంది. ఫ్లైట్ క్యాన్సిల్ అయిందని 14 రోజుల కంటే ముందే చెబితే పరిహారం ఉండదు, కానీ వేరే ఫ్లైటో డబ్బో ఇవ్వాలి. అయినా నాదో డౌట్. మా అత్తయ్యగారికి రాజమండ్రి నుంచి హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి లండన్ వేరే టికెట్. మొదటిది మూడు గంటలు వెనక్కి జరిగింది, రెండోది మిస్ అయ్యేలా ఉంది. లండన్ ఫ్లైట్ వాళ్ళు ఫ్రీగా మారుస్తారా?

కువైట్_కరీంనగర్
మార్చరు. రెండు టికెట్లు అంటే వాళ్ళకు సంబంధం లేదంటరు. మా ఊరోళ్ళందరికీ ఇదే బాధ.

తెనాలి_అమ్మాయి
గడువు చూశాను, ఇంకో ఐదు రోజులుంది. వైజాగ్ గారూ, మళ్ళీ ఏజెంట్‌కి ఫోన్ చేశాను. ఫేర్ డిఫరెన్స్ 38,000 అంటున్నాడు. మార్చింది వాళ్ళైతే నేను ఎందుకు కట్టాలి అని అడిగితే సిస్టమ్ అలాగే చూపిస్తోందన్నాడు.

టికెటింగ్_వైజాగ్
అతను అబద్ధం చెప్పట్లేదు, తప్పు దారిలో వెళ్తున్నాడు. మీరు డేట్ మార్చమన్నట్టు అతను మామూలు మార్పు స్క్రీన్ తెరిచాడు, అది ఎప్పుడూ డబ్బు అడుగుతుంది. మీరు వాడాల్సిన మాట ‘ఇన్‌వాలంటరీ రీఇష్యూ’. అంటే మార్పు ప్రయాణికుడిది కాదు, ఎయిర్‌లైన్‌ది. అలా చేయాలంటే ఎయిర్‌లైన్ పాలసీ ప్రకారం ఏజెంట్ టికెట్‌ని ఫేర్ లెక్కలు లేకుండా మళ్ళీ ఇవ్వాలి. కొన్నిసార్లు ఎయిర్‌లైన్ నుంచి అనుమతి కోడ్ తెప్పించుకోవాలి. అది తెచ్చే పని అతనిది, మీది కాదు. మా కౌంటర్‌లో మీ పీఎన్ఆర్ తెరిస్తే దాదాపు ఇలా కనిపిస్తుంది:

```
XX 512  05JAN  VGADEL  UN2  1740 2015
XX 508  05JAN  VGADEL  TK2  1050 1325
XX 901  06JAN  DELEWR  HK2  0205 0735
```

UN అంటే పాత ఫ్లైట్ ఇక లేదని. TK అంటే బదులుగా వాళ్ళే వేసిన కొత్త ఫ్లైట్. HK అంటే ఖాయంగా ఉన్న సీటు, ఆ ఫ్లైట్ కదలలేదు. ఆ UN లైను అక్కడ ఉన్నంతవరకు మార్పు వాళ్ళదే అని సాక్ష్యం. అందుకే ఏజెంట్ మీ అనుమతి లేకుండా దాన్ని తుడిచేసి TK ఒప్పుకోకూడదు. ఫోన్‌లో ఆ మాట ముందే చెప్పండి.

ఇంకో ముఖ్యమైన విషయం. ‘వేరే ఫ్లైట్ ఇవ్వండి’ అని అడగొద్దు, ఎప్పుడూ ఏమీ లేదనే అంటారు. అదే ఎయిర్‌లైన్ సైట్‌లో కొత్త టికెట్ కొంటున్నట్టు వెతికి, జనవరి 5న సాయంత్రం ఢిల్లీ చేరే ఫ్లైట్ ఏది అమ్ముతున్నారో చూసి, దాని నంబరు చెప్పి అడగండి. గన్నవరం నుంచి లేకపోతే హైదరాబాద్ నుంచి చూడండి. ఊరు మార్చడానికి ఒప్పుకుంటారో లేదో ఎయిర్‌లైన్ పాలసీని బట్టి ఉంటుంది, కానీ చాలాసార్లు ఒప్పుకోవడం చూశాను.

గుంటూరు_కారం
హైదరాబాద్ అంటే తెనాలి నుంచి శంషాబాద్‌కి ఆరు గంటల కారు ప్రయాణం. ఆ మోకాళ్ళతో అది ఢిల్లీలో కూర్చోవడం కంటే నయమా? ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లోపలే హోటల్ గది తీసుకోండి, హాయిగా పడుకుంటారు.

డాలస్_రాయుడు
హోటల్ ఖర్చు ఎయిర్‌లైన్ చేత కట్టించండి. అది కూడా హక్కే.

టికెటింగ్_వైజాగ్
కాదు రాయుడు గారూ. నెల ముందు చెప్పిన షెడ్యూల్ మార్పుకి హోటల్ ఇవ్వరు. మన డీజీసీఏ రూల్ కూడా ఆరు గంటలు దాటిన ఆలస్యాన్ని 24 గంటల కంటే ముందు చెబితే వేరే ఫ్లైటో పూర్తి రీఫండో ఇవ్వాలంటుంది, అంతే. ఇక్కడ అయితే అది ఆలస్యం కూడా కాదు.

గుంటూరు_కారం
మరి జనవరిలో ఢిల్లీ పొగమంచు సంగతి ఎవరూ మాట్లాడరేం? సాయంత్రం ఫ్లైట్ ఆలస్యమైతే 2:05ది పోతుంది. పొద్దున వెళ్ళడమే మేలని నా ఉద్దేశం. మా పెదనాన్నగారు అలా ఒక రాత్రంతా ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నారు.

సాఫ్ట్‌వేర్_సీను
ఒకే పీఎన్ఆర్ అయితే మిస్ అయినా తర్వాతి ఫ్లైట్‌లో వాళ్ళే వేస్తారు కదా. మంచుకి భయపడి 12 గంటలు కూర్చోవాలా?

గుంటూరు_కారం
వేస్తారు, మర్నాటి రాత్రికి. ఆ 24 గంటలు షుగర్ ఉన్న మనిషి ఎలా గడుపుతారో మీరే చెప్పండి.

తెనాలి_అమ్మాయి
అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే నంబరు చూసి అడిగాను. గన్నవరం నుంచి మధ్యాహ్నం 3:20కి ఒకటి దొరికింది, ఢిల్లీ 5:55కి. ఇన్‌వాలంటరీ అన్న మాట వినగానే సూపర్‌వైజర్‌కి ఇచ్చారు. రెండు రోజుల తర్వాత డబ్బేమీ లేకుండా మార్చామని మెయిల్ వచ్చింది. గుంటూరు గారూ, మంచు గురించి నాకూ భయమే, అందుకే ఎనిమిది గంటల గ్యాప్ ఉన్నది తీసుకున్నాను.

టికెటింగ్_వైజాగ్
మంచిదమ్మా. ఇక్కడితో ఆగకండి. పీఎన్ఆర్‌లో టైమ్ మారినంత మాత్రాన టికెట్ మారినట్టు కాదు. ఏజెంట్ దగ్గర కొత్త ఈ-టికెట్ తీసుకుని, 13 అంకెల టికెట్ నంబరు కింద కొత్త ఫ్లైట్ నంబరూ టైమూ ఉన్నాయో చూడండి. అవి కలవకపోతే చెక్ఇన్ కౌంటర్‌లో ఆపుతారు, అప్పుడు ఏజెంట్ ఫోన్ ఎత్తడు. తర్వాత ఎయిర్‌లైన్‌కే నేరుగా ఫోన్ చేసి వీల్‌చైర్, డయాబెటిక్ భోజనం, సీట్లు మళ్ళీ పెట్టించండి. ఫ్లైట్ మారితే పాత ఫ్లైట్ మీద పెట్టినవి దానంతటవే రావు, ముఖ్యంగా వీల్‌చైర్ గన్నవరంలో ఉండి ఢిల్లీలో లేకుండా పోతుంది.

లెస్టర్_లక్ష్మి
కొత్త ఫ్లైట్ ఢిల్లీలో ఏ టెర్మినల్‌లో దిగుతుందో కూడా చూడండి. టెర్మినల్ 1 అయితే అంతర్జాతీయానికి టెర్మినల్ 3కి బస్సులో వెళ్ళాలి, వీల్‌చైర్‌తో కష్టం. ఇంతకీ మా అత్తయ్యగారి లండన్ టికెట్ ఫ్రీగా మార్చరంటున్నారుగా. రాజమండ్రి టికెట్ వదిలేసి కారులో హైదరాబాద్ పంపిస్తే లండన్ టికెట్‌కి ఏమీ కాదుగా?

కువైట్_కరీంనగర్
ఏమీ కాదు అక్కా, రెండూ వేర్వేరు కదా. కానీ రాజమండ్రి టికెట్ నో-షో చేయకుండా ముందే క్యాన్సిల్ చేసి డబ్బులు అడగండి. వాలెట్‌లో వద్దు, కార్డులోకే కావాలని రాసి పంపండి.