అప్‌డేట్: కాంట్రాక్ట్-టు-హైర్ ఆఫర్‌కి ఒప్పుకుంటూ మెయిల్ పంపాను

నా ప్రశ్న: "ఆరు నెలల కాంట్రాక్ట్-టు-హైర్ ఆఫర్ వచ్చింది. పేరోల్ హైదరాబాద్ వెండర్‌ది, పని క్లయింట్ దగ్గర. ఒప్పుకునే మెయిల్‌లో ఏం రాయాలి?"

మీరందరూ చెప్పినట్టే ఫోన్‌లో 'సరే' అనకుండా, ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇచ్చాను. గడువు ఒక్క లైన్‌లో తేలిపోయింది: జులై 1 నుంచి డిసెంబర్ 31 వరకు, పొడిగిస్తే కొత్త లెటర్.

అసలు చిక్కు జీతం దగ్గరే. లెటర్‌లో "క్లయింట్ నుంచి డబ్బు అందాక" అని ఉంది. క్లయింట్ 60 రోజులకు బిల్లు కడితే, జులై జీతం సెప్టెంబర్‌కి జరుగుతుంది. అందుకే ఇలా రాశాను: "నెలాఖరులోగా టైమ్‌షీట్ పెడతాను. క్లయింట్ చెల్లింపుతో సంబంధం లేకుండా మరుసటి నెల 7లోగా జీతం వేస్తారని నిర్ధారించగలరు." ఒప్పుకున్నారు, కానీ టైమ్‌షీట్‌కి మేనేజర్ అప్రూవల్ ఉండాలన్నారు. అది న్యాయమే. మేనేజర్ సెలవులో ఉంటే ఎవరు అప్రూవ్ చేస్తారో కూడా రాయించుకున్నాను.

పర్మనెంట్ చేస్తామని వెండర్ మాటివ్వలేడు, ఉద్యోగం ఇవ్వాల్సింది క్లయింట్. కాబట్టి అడగదగ్గవి రెండే: నవంబర్ 30లోగా అవునో కాదో మెయిల్‌లో చెప్పడం, నన్ను తీసుకుంటే క్లయింట్ వెండర్‌కి ఫీజు కట్టాలా అన్నది. ఆ ఫీజు భారమై పర్మనెంట్ కన్వర్షన్లు ఆగిపోతుంటాయి. ఆరు నెలలు పూర్తయితే ఫీజు లేదని జవాబొచ్చింది. పర్మనెంట్ చేయడం 'పనితీరును బట్టి' అని లెటర్‌లో ఉన్న మాట మాత్రం తీయలేదు.

సవరించిన లెటర్ చేతికొచ్చాకే సంతకం పెట్టాను.