మెత్తటి బంకమన్ను మీద రోడ్డు కట్ట: యు.యు. బలమా, సి.డి. బలమా?

గోదారిగట్టు:
డెల్టాలో వంతెనకు 4 మీటర్ల ఎత్తు అప్రోచ్ కట్ట. కింద 8 మీటర్ల మెత్తటి బంకమన్ను, దానికి పైన పలుచని ఇసుక పొర, అడుగున మందపాటి ఇసుక. నీళ్లు నేలమట్టానికే ఉన్నాయి. సాయిల్ రిపోర్టులో, నీళ్లు పోనివ్వకుండా త్వరగా నొక్కే యు.యు. ట్రయాక్సియల్ పరీక్షకు సి, అంటే అతుకు బలం, 10 కిలోపాస్కల్, ఫై, అంటే ఘర్షణ కోణం, 4 డిగ్రీలు ఇచ్చారు. నీళ్లు పోనిస్తూ నెమ్మదిగా నొక్కే సి.డి.కి సి సున్నా, ఫై 24. మొదటివి పెడితే భద్రతా గుణకం 0.8, రెండోవి పెడితే 1.6. మా సీనియర్ సగటు తీసి 1.2 చూపించమంటున్నారు. ఏది వాడాలి?

బ్రిడ్జి బాబాయ్:
సగటు మాట మరిచిపో తమ్ముడూ. ముప్పై ఏళ్లుగా నేను పాటించే సూత్రం ఒకటే. బంకమన్ను అయితే యు.యు., ఇసుక అయితే సి.డి. యు.యు.లో ఎప్పుడూ బలం తక్కువే వస్తుంది కాబట్టి దానితో డిజైన్ చేస్తే ఎక్కడా దెబ్బతినవు. సి.డి. పరిశోధనలు చేసేవాళ్లకు పనికొస్తుంది.

పోరుప్రెషర్:
బాబాయ్ గారి జవాబు ఈ కట్టకు సరిపోయింది. కారణం మాత్రం సరికాదు, అది తరువాత చెబుతాను.

గోదారిగట్టు గారూ, ముందు మట్టి వైపు నుంచి చూడండి. 6 మీటర్ల లోతున ఇప్పుడు మట్టి రేణువుల మీద ఉన్న ఎఫెక్టివ్ స్ట్రెస్ సుమారు 38 కిలోపాస్కల్. మీ కట్ట దాని మీద మరో 76 మోపుతుంది. ఆ బరువు పడిన రోజున రేణువులకు ఏమీ తెలియదు. నీళ్లు పక్కకు పోలేవు కాబట్టి ఆ 76 మొత్తాన్ని నీళ్లే మోస్తాయి, పోర్ ప్రెషర్ అంత పెరుగుతుంది. రేణువుల మధ్య ఒత్తిడి 38 దగ్గరే ఉంటుంది, బలమూ పాత బలమే.

మీ సి.డి. లెక్క ఏమి చేసిందో చూడండి. 38కి 76 కలిపి 114 చేసింది, దాన్ని టాన్ 24తో గుణించి దాదాపు 50 కిలోపాస్కల్ బలం ఇచ్చింది. ఆ బలం ఒకనాటికి రావచ్చు. కానీ కట్ట పూర్తయిన రోజున అది అక్కడ లేదు. జీతం పడకముందే చెక్కు రాసినట్టు.

ఎన్నాళ్లకు వస్తుంది? పొర 8 మీటర్లు, నీళ్లు పైకీ కిందకీ పోగలవు కాబట్టి దారి 4 మీటర్లు. ఇలాంటి మట్టికి కన్సాలిడేషన్ గుణకం ఏడాదికి 1.5 చదరపు మీటర్లు అనుకుంటే, 90 శాతం పూర్తి కావడానికి

`t = 0.848 × 4² / 1.5 ≈ 9 సంవత్సరాలు`

మీ కాంట్రాక్టరు కట్ట వేసేది రెండు మూడు నెలల్లో. కాబట్టి యు.యు.నే. సగటుకు అర్థం లేదు. 0.8 ఒక రోజుది, 1.6 తొమ్మిదేళ్ల తరువాతి మరో రోజుది. ఆ రెంటి మధ్య 1.2 అనే రోజున కట్టను నిలబెట్టేది ఏదీ లేదు.

రేగడి రాజ్యం:
బాబాయ్ గారి సూత్రంతో నాకు పేచీ ఉంది. నేను కాలువల మీద పనిచేసి రిటైరయ్యాను. గట్టి నల్లరేగడిలో 6 మీటర్ల కోత తవ్వించాం. యు.యు. బలం 70 పైచిలుకు వచ్చింది, కాగితం మీద నిలువుగా కోసినా నిలవాలి. తవ్వినప్పుడు నిజంగానే గోడలా నిలిచింది, అందరం మెచ్చుకున్నాం. రెండో వానాకాలం దాటాక ఒక తెల్లవారుజామున గట్టు జారి కాలువ సగం పూడింది. బంకమన్నే, యు.యు. బలమే వాడాం. మరి దెబ్బతిన్నాం కదా?

పోరుప్రెషర్:
నేను తరువాత చెబుతానన్నది ఇదే, రాజ్యం గారు నాకంటే బాగా చెప్పారు. కట్టలో బరువు మోపుతాం, కోతలో బరువు తీసేస్తాం. బరువు తీసేయగానే మట్టి ఉబ్బాలని చూస్తుంది, నీళ్లు వెంటనే రాలేవు కాబట్టి పోర్ ప్రెషర్ పడిపోతుంది, ఒక్కోచోట సున్నాకూ కిందకు పోతుంది. ఆ పీల్పే రేణువులను బిగించి పట్టుకుంటుంది. యు.యు. పరీక్షలో నమూనాకూ ఆ పీల్పు బలం కలిసే వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లు చేరి, పీల్పు పోయి, బలం తగ్గుతుంది. కట్టకు మొదటి రోజు గండం, కోతకు ఆఖరి రోజు గండం. పెళ్లికీ తద్దినానికీ ఒకే మంత్రం చదవకూడదు.

ఎంత ఆలస్యం కావచ్చో లండన్ కింద ఉండే గట్టి పగుళ్ల బంకమన్ను, లండన్ క్లే, చూపించింది. సడ్బరీ హిల్ దగ్గర 1900లో తవ్విన రైలు కోత 1949లో జారింది. కెన్సల్ గ్రీన్ దగ్గర 1912లో కట్టిన రిటైనింగ్ వాల్ 1941లో పోయింది. ఇలాంటివన్నీ బ్రిటిష్ మట్టి ఇంజినీరు స్కెంప్టన్ 1964లో లెక్కగట్టి చూపించారు. తవ్విన రోజు బలంతో చూస్తే ఆ కోతలు జారడానికి కారణమే కనబడదు. అక్కడ వాడవలసింది సి.డి. బలం, దానితో పాటు వానాకాలపు నీటిమట్టం. ఇలాంటి పగుళ్ల మట్టిలో సి.డి. శిఖర బలం కూడా మొత్తం దొరకదని ఆ లెక్కల్లోనే తేలింది.

బ్రిడ్జి బాబాయ్:
సరే, కోతల మాట ఒప్పుకుంటున్నాను. నేను చేసినవన్నీ కట్టలూ పునాదులే, అందుకే నా సూత్రం ఇన్నాళ్లూ నిలబడింది కాబోలు.

స్థలం కొన్నవాడు:
సార్, మాదీ నల్లరేగడే. రెండంతస్తుల ఇంటికి ఏప్రిల్‌లో మట్టి పరీక్ష చేయించాం, సి 85, ఫై 14 అని ఇచ్చారు. మీ లెక్క ప్రకారం ఇల్లు కట్టేది వేసవిలోనే కదా, అంటే యు.యు. బలం మొత్తం వాడుకోవచ్చా? పునాది చిన్నది వేస్తే ఖర్చు కలిసివస్తుంది.

రేగడి రాజ్యం:
వద్దండీ. ఏప్రిల్‌లో రేగడి పగుళ్లు తీసి ఇటుకలా ఉంటుంది. ఆ 85లో చాలా భాగం ఎండ ఇచ్చినది, ఆగస్టులో ఉండదు. నమూనాను నానబెట్టి మళ్లీ పరీక్షించమనండి. పైగా మీ మట్టికి బలం కన్నా ఉబ్బు పెద్ద సమస్య, దానికి ఇక్కడ జవాబు దొరకదు. మీ ఊళ్లో పునాదులు వేయించే ఇంజినీరును కలవండి.

బ్యూరెట్:
ల్యాబులో ఈ పరీక్షలు చేసేది నేను. గోదారిగట్టు గారూ, నీళ్లు నిండిన బంకమన్నుకు యు.యు.లో ఫై 4 ఎలా వచ్చింది? వాల్వు మూసే ఉంటుంది. నమూనాను చుట్టూ నొక్కే సెల్ ప్రెషర్ ఎంత పెంచినా అది నీళ్లకే పోతుంది, మట్టికి చేరదు. దాని మీద పైనుంచి అదనంగా నొక్కేది డీవియేటర్ స్ట్రెస్, మూడు నమూనాలూ దాదాపు ఒకే డీవియేటర్ స్ట్రెస్ దగ్గర తెగాలి. గీత ఏటవాలుగా వచ్చిందంటే నమూనాలో గాలి అయినా ఉండాలి, మూడూ ఒకే మట్టి అయినా కాకపోవాలి. రిపోర్టు వెనక పట్టికలో మూడు రీడింగులు, తేమ శాతాలు ఉంటాయి, పెట్టండి.

గోదారిగట్టు:
సెల్ ప్రెషర్ 50, 100, 150. డీవియేటర్ స్ట్రెస్ 30, 31, 44. తేమ 62, 61, 41 శాతం.

బ్యూరెట్:
దొరికింది. మూడో నమూనా తేమ 41. అది వేరే లోతుది, లేదా ఇసుక చార కలిసిన ముక్క. కంప్యూటర్ మూడింటికీ ఒక గీత గీసి సి 10, ఫై 4 అని ముద్రించింది. దాన్ని తీసేయండి. 30కీ 31కీ సగం, అంటే సి 15, ఫై సున్నా. ఇది నా ల్యాబు పని కాదు కానీ ఇలాంటివి వారానికొకటి చూస్తాను.

ఇంకొక మాట. ఆ సి.డి. ఎన్ని రోజులు చేశారో అడగండి. యు.యు. పావుగంటలో అయిపోతుంది. బంకమన్ను సి.డి.లో నీళ్లు బ్యూరెట్‌లోకి వచ్చేంత నెమ్మదిగా నొక్కాలి, ఒక్కో నమూనాకు రోజులు పడుతుంది. మూడు నమూనాలూ ఒకే రోజు తారీఖుతో ఉంటే అది సి.డి. కాదు. చాలాచోట్ల ముందు నీళ్లు పోనిచ్చి గట్టిపరచి, తరువాత వాల్వు మూసి నొక్కే సి.యు.ను పోర్ ప్రెషర్ కొలుస్తూ చేసి అందులోంచి అదే ఫై తీస్తారు, అందులో తప్పు లేదు. పేరు సరిగ్గా రాస్తే చాలు.

గోదారిగట్టు:
తారీఖులు చూశాను. సి.డి. మూడూ ఒకే రోజున ఉన్నాయి. సి 15తో చేతి లెక్క వేస్తే మట్టి మోయగలిగేది `5.14 × 15 = 77`, కట్ట బరువు 76. అంటే గుణకం 1.0. ఇంకా కట్టలేను. 3 మీటర్లు వేసి ఆగి తరువాత మిగతాది వేస్తే? అప్పుడు సి.డి. బలం వాడవచ్చా?

పోరుప్రెషర్:
ఇక్కడే చాలామంది జారిపడతారు. మొదటి దశ 3 మీటర్లు, 57 కిలోపాస్కల్, గుణకం 1.35. నీళ్లు త్వరగా పోయేందుకు మట్టిలోకి డ్రెయిన్లు దించి ఆ బరువు కింద మట్టి గట్టిపడేదాకా ఆగితే ఎఫెక్టివ్ స్ట్రెస్ 95కి చేరుతుంది. కానీ నాలుగో మీటరును మళ్లీ వారంలో వేసేస్తారు. మట్టి తెగేటప్పుడు నీళ్లు పోయే తీరిక ఉండదు. కాబట్టి 95ను టాన్ 24తో గుణించకూడదు. మెత్తటి బంకమన్నుకు అనుభవం మీద వాడే 0.22తో గుణించండి, 21 వస్తుంది. దాంతో 4 మీటర్లకు గుణకం 1.4. దీనికి సరైన పరీక్ష సి.యు. సి.డి. బలం పూర్తిగా వర్తించేది కట్ట కట్టి ఏళ్లు గడిచాక చేసే లెక్కకు. ఆ లెక్క ఎలాగూ ఇంతకంటే మెరుగ్గానే వస్తుంది.

బ్రిడ్జి బాబాయ్:
మొదటి దశకు 1.35 అంటే నేను సంతకం పెట్టను. రెండు నమూనాల మీద ఆధారపడిన 15 అది. 2 మీటర్లతో మొదలుపెట్టమంటాను.

పోరుప్రెషర్:
2 మీటర్లతో ఎఫెక్టివ్ స్ట్రెస్ 76కే చేరుతుంది, బలం 15 నుంచి 17 అవుతుంది. నెలల తరబడి ఆగి 2 కిలోపాస్కల్ సంపాదించినట్టు. ఈ మట్టి ఇదివరకే ఆ మాత్రం బరువు చూసినట్టుంది. పోర్ ప్రెషర్ కొలిచే పీజోమీటర్లు పెట్టి 3 మీటర్లు వేయడమే నా మాట.

బ్యూరెట్:
నాకు 15 మీదే అనుమానం. ట్యూబు దించేటప్పుడు, తోసి తీసేటప్పుడు మెత్తటి మట్టి చెదిరి బలం తగ్గుతుంది. పావుగంటలో నొక్కేయడం వల్ల పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయని నమ్మి పనిచేస్తున్నాం. గట్టి పగుళ్ల మట్టిలోనైతే ఆ నమ్మకం నిలవలేదు. 1957లో ఇంగ్లండులో బ్రాడ్‌వెల్ రియాక్టర్ కోసం లండన్ క్లేలో తవ్విన గోయి రోజుల్లోనే జారింది, యు.యు. బలంతో లెక్కిస్తే గుణకం 1.8 దాకా వచ్చిన గోయి అది. 38 మిల్లీమీటర్ల నమూనాలో పగుళ్లు పడవు, అందుకే బలం ఎక్కువ చూపించింది. మీ మట్టికి పగుళ్లు లేవు కానీ, బోరులోనే మట్టిలో రెక్కలు తిప్పి బలం కొలిచే వేన్ పరీక్ష చేయించకుండా 15ను నమ్మవద్దు.

పోరుప్రెషర్:
వేన్‌కూ దిద్దుబాటు గుణకం వేయాలి, ప్లాస్టిసిటీ ఎక్కువైతే అది చాలా కోత పెడుతుంది. రెండు పరీక్షల్లో ఏది నమ్మాలో మా ఆఫీసులోనే ఇద్దరు ఒక మాట మీద ఉండరు.

గోదారిగట్టు:
ల్యాబును తారీఖుల గురించి అడిగాను, అది నిజానికి మట్టిని పెట్టెలో అడ్డంగా జరిపి తెంచే డైరెక్ట్ షియర్ అని ఒప్పుకున్నారు. 2, 4, 6 మీటర్ల దగ్గర వేన్ చేయించడానికి, రెండు ట్యూబుల మీద సి.యు. చేయించడానికి ఎస్టిమేటు పంపాను. 1.2 గురించి సీనియర్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు.